సర్టిఫికెట్‌కి పాయింట్లు ఎప్పుడు వస్తాయి, అసెస్‌మెంట్ ఎప్పుడు తప్పనిసరి: ఆస్ట్రేలియా, కెనడా స్కిల్డ్ వీసాలకు సమగ్ర మార్గదర్శి

పదేళ్ల అనుభవం, నాలుగు ప్రొఫెషనల్ సర్టిఫికెట్లు, ఒక డిగ్రీ. ఇవి చేతిలో ఉన్నవాళ్లు ఆన్‌లైన్ పాయింట్స్ క్యాలిక్యులేటర్ తెరిచి, దేనికెన్ని పాయింట్లో వాళ్లే వేసుకుంటారు. తప్పు మొదలయ్యేది అక్కడే. మీ సర్టిఫికెట్ ఏ స్థాయిదో మీరు చెబితే చెల్లదు. ఆ మాట చెప్పే హక్కు ప్రభుత్వం నియమించిన సంస్థకే ఉంటుంది. ఆ సంస్థ ఏమని రాసిచ్చిందో దాన్ని బట్టే పాయింట్లు వస్తాయి.

ఈ లెక్క ఎక్కువ చిక్కుగా ఉండేది ఆస్ట్రేలియాలో. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే. కెనడా పద్ధతి చివర్లో చెబుతాను. రెండూ పైకి ఒకేలా కనిపించినా లోపల చాలా తేడా ఉంది.

ముందు ఆక్యుపేషన్, తర్వాతే సర్టిఫికెట్

ఆస్ట్రేలియాలో పాయింట్స్ టెస్ట్ ఉన్న వీసాలు ముఖ్యంగా మూడు: సబ్‌క్లాస్ 189, 190, 491. ఈ మూడింటికీ స్కిల్స్ అసెస్‌మెంట్ తప్పనిసరి. డిగ్రీ ఎంత పెద్దదైనా, ఏ దేశంలో చదివినా, ఆస్ట్రేలియాలోనే చదివినా సరే, మినహాయింపు లేదు.

ఆ అసెస్‌మెంట్ ఎవరు చేయాలో మీరు ఎంచుకున్న ఆక్యుపేషన్ తేలుస్తుంది. జాబితాలో ప్రతి ఆక్యుపేషన్ పక్కనా దాని అసెసింగ్ అథారిటీ పేరు ఉంటుంది. కంప్యూటర్ ఉద్యోగాలకు ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, అంటే ఏసీఎస్. ఇంజనీర్లకు ఇంజనీర్స్ ఆస్ట్రేలియా. అకౌంటెంట్లకు సీపీఏ ఆస్ట్రేలియాతో సహా మూడు సంస్థలున్నాయి, వాటిలో ఏదైనా ఒకటి. చాలా రకాల వృత్తులకు వెటాసెస్.

కాబట్టి మొదటి పని సర్టిఫికెట్లన్నీ పోగేసుకోవడం కాదు, ఆరు అంకెల ఆక్యుపేషన్ కోడ్ ఖాయం చేసుకోవడం. ఒకే సర్టిఫికెట్ ఒక ఆక్యుపేషన్ కింద పనికొస్తుంది, పక్క ఆక్యుపేషన్ కింద దానికి విలువే ఉండదు. కోడ్ మారితే అసెస్‌మెంట్ కూడా మళ్లీ చేయించుకోవాల్సిందే. ఒక కోడ్‌కి తెచ్చుకున్న పాజిటివ్ ఉత్తరం ఇంకో కోడ్‌కి చెల్లదు.

మీ కాగితాలు ఏ కుప్పలోకి వస్తాయి

కోడ్ తేలాక కాగితాలన్నీ ముందేసుకుని మూడు కుప్పలుగా విడదీయండి. మొదటి కుప్పలో యూనివర్సిటీ డిగ్రీలు, డిప్లొమాలు. రెండో కుప్పలో వృత్తి సంస్థలు పరీక్షలు పెట్టి ఇచ్చే అర్హతలు, సభ్యత్వాలు. మూడో కుప్పలో సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్ కంపెనీలు ఇచ్చే వెండర్ సర్టిఫికెట్లు, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ లాంటి సర్టిఫికెట్లు, చిన్న కోర్సులు.

ఇప్పుడు పాయింట్స్ టెస్ట్‌లో చదువు భాగం చూద్దాం. ఇది వలస నిబంధనల షెడ్యూల్ 6డిలో ఉంటుంది. డాక్టరేట్‌కి 20, బ్యాచిలర్ లేదా అంతకన్నా పై డిగ్రీకి 15, ఆస్ట్రేలియాలో చేసిన డిప్లొమాకి లేదా ట్రేడ్ అర్హతకి 10. వీటి తర్వాత ఇంకో వరుస ఉంది, దాన్ని చాలామంది చూడకుండానే దాటేస్తారు: నామినేట్ చేసిన ఆక్యుపేషన్‌కి తగినదని ఆ అసెసింగ్ అథారిటీ గుర్తించిన అర్హత లేదా అవార్డుకి 10 పాయింట్లు.

ఆస్ట్రేలియా బయట సంపాదించిన ప్రొఫెషనల్ సర్టిఫికెట్‌కి చదువు కింద పాయింట్లు రావాలంటే ఉన్న దారి ఇదే. ఆ వాక్యాన్ని నెమ్మదిగా చదవండి. ఏ అథారిటీ గుర్తించినా సరిపోదు, మీ ఆక్యుపేషన్‌కి సంబంధించిన అథారిటీయే గుర్తించాలి. ఊరికే మంచి సర్టిఫికెట్ అంటే చాలదు, ఆ ఆక్యుపేషన్‌కి తగినది అనాలి. సర్టిఫికెట్ ఇచ్చిన కంపెనీకి ప్రపంచమంతా పేరున్నా, అథారిటీ ఉత్తరంలో ఆ సర్టిఫికెట్ ప్రస్తావన లేకపోతే దానికి సున్నాయే.

చదువు భాగంలో ఒక్క అర్హతనే లెక్కిస్తారన్నది కూడా గుర్తుంచుకోవాలి. డిగ్రీకి 15 వచ్చాక సర్టిఫికెట్‌కి ఇంకో 10 కలపరు. ఎక్కువ పాయింట్లు వచ్చేది ఏదో అదొక్కటే మిగులుతుంది. అందువల్ల చేతిలో గుర్తింపు పొందిన డిగ్రీ ఉన్నవాళ్లు చదువు పాయింట్ల కోసమని కొత్తగా సర్టిఫికెట్ పరీక్షలు రాయడం డబ్బూ టైమూ వృథా చేసుకోవడమే. ఉద్యోగానికి పనికొస్తే రాయండి, పాయింట్ల కోసం వద్దు.

చాలామందికి తెలియక నష్టపోయే విషయం ఇంకొకటి ఉంది. 15 పాయింట్ల డిగ్రీ మీ ఆక్యుపేషన్‌కి సంబంధించినదే కావాలని లేదు. నెట్‌వర్క్ ఇంజనీర్‌గా అప్లై చేస్తున్నవాళ్లకు కామర్స్ డిగ్రీ ఉన్నా, అది గుర్తింపు పొందిన ప్రమాణంలో ఉంటే 15 వస్తాయి. ఏసీఎస్ ఇచ్చే ఉత్తరంలోనే ఆ డిగ్రీ ఆస్ట్రేలియా బ్యాచిలర్‌కి సమానమని ఉంటే సరిపోతుంది. ఉత్తరం ఆ డిగ్రీ ఊసే ఎత్తకపోతే, వెటాసెస్ దగ్గర పాయింట్స్ టెస్ట్ అడ్వైస్ అనే సేవ విడిగా ఉంది, అక్కడ స్థాయి రాయించుకోవచ్చు.

సర్టిఫికెట్ దారిలో వెళ్తే అనుభవం కరిగిపోతుంది

అసెసింగ్ అథారిటీ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తుంది. ఈ మనిషి ఈ ఆక్యుపేషన్‌కి తగినవాడేనా అన్నది ఒకటి. ఏ రోజు నుంచి ఇతన్ని నైపుణ్యం ఉన్నవాడిగా లెక్కించాలి అన్నది రెండోది. సర్టిఫికెట్ల మీద ఆధారపడేవాళ్లను దెబ్బతీసేది ఈ రెండోదే.

ఏసీఎస్ విధానమే చూడండి. కంప్యూటర్ సబ్జెక్ట్ మేజర్‌గా ఉండి, ఆక్యుపేషన్‌కి దగ్గరగా ఉన్న బ్యాచిలర్ డిగ్రీ ఉంటే, నైపుణ్యం వచ్చిందని ఒప్పుకోవడానికి సాధారణంగా గత పదేళ్లలో రెండేళ్ల అనుభవం చాలు. ఆ డిగ్రీ లేకుండా వేరే సబ్జెక్ట్ డిగ్రీతోనో, ఏ డిగ్రీ లేకుండా అనుభవంతోనో వస్తే రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్, అంటే ఆర్‌పీఎల్ దారి. దానికి ప్రాజెక్ట్ రిపోర్టులు రాయాలి, చాలా ఎక్కువ ఏళ్ల అనుభవం చూపాలి. అలా చూపిన ఏళ్లు అర్హత కిందకే పోతాయి, పాయింట్ల కిందకి రావు. మీ దారికి ఎన్నేళ్లు పోతాయో అప్లై చేసే రోజున అథారిటీ సైట్‌లో ఉన్న మార్గదర్శకాల్లోనే చూసుకోండి. పాత స్క్రీన్‌షాట్లను నమ్మవద్దు, ఈ పట్టికలు మారుతుంటాయి.

ఆర్‌పీఎల్‌లో పాజిటివ్ రావడం, సర్టిఫికెట్‌ని అర్హతగా గుర్తించడం ఒకటి కావు. పాజిటివ్ అంటే మీరు తలుపు దాటారని అర్థం. 10 పాయింట్లు కావాలంటే ఫలానా అర్హత తగినదని ఉత్తరంలో విడిగా రాసి ఉండాలి. పాజిటివ్ చూసిన సంతోషంలో ఆ 10 కూడా వేసేసుకునేవాళ్లు ఎక్కువ.

సునీత లెక్క

ఒక ఉదాహరణ పూర్తిగా చేద్దాం. సునీత వయసు 34, పెళ్లి కాలేదు. కామర్స్ డిగ్రీ ఉంది. జూన్ 2014 నుంచి నెట్‌వర్క్ ఇంజనీర్‌గా మధ్యలో ఆగకుండా పని చేస్తోంది. రెండు వెండర్ సర్టిఫికెట్లున్నాయి. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు భాగాల్లోనూ 8 తెచ్చుకుంది. కోడ్ 263111, అథారిటీ ఏసీఎస్. లెక్క అక్టోబర్ 2025 నాటిది అనుకుందాం.

తను వేసుకున్న లెక్క ఇలా ఉంది. వయసుకి 25. ఇంగ్లిష్‌కి 20. డిగ్రీకి 15. ఒంటరి అభ్యర్థి కాబట్టి 10. అనుభవం పదకొండేళ్లు దాటింది, బయటి దేశాల్లో ఎనిమిదేళ్లు దాటితే 15. మొత్తం 85.

ఏసీఎస్ ఉత్తరం వచ్చింది, పాజిటివ్. కింద ఒక వాక్యం ఉంది: మే 2020 తర్వాత చేసిన ఉద్యోగాన్ని తగిన నైపుణ్య స్థాయిలో చేసినదిగా లెక్కిస్తాం అని. అంటే మొదటి ఆరేళ్లు అర్హతకే సరిపోయాయి. లెక్క మొదలయ్యేది జూన్ 2020 నుంచి. అక్టోబర్ 2025 నాటికి ఐదేళ్ల నాలుగు నెలలు. ఐదు నుంచి ఎనిమిదేళ్ల లోపుకి 10 పాయింట్లే. కాబట్టి అసలు మొత్తం 80.

వెండర్ సర్టిఫికెట్ల మాటేమిటి? వాటిని ఏసీఎస్ డిప్లొమా స్థాయిదని రాసిచ్చినా సునీతకు కొత్తగా వచ్చేదేమీ లేదు, డిగ్రీకి 15 ఎలాగూ ఉంది. అదే ఆమెకు డిగ్రీ లేకపోతే, ఆ సర్టిఫికెట్‌ని తగిన అర్హతగా ఉత్తరం గుర్తిస్తే చదువు కింద 10 వచ్చేవి. గుర్తించకపోతే సున్నా. డిగ్రీ లేనివాళ్లకు మాత్రమే ఆ ఒక్క వాక్యం మీద 10 పాయింట్లు ఆధారపడి ఉంటాయి. వాళ్లు అప్లై చేసే ముందే ఆ సర్టిఫికెట్‌ని అథారిటీ అర్హతగా చూస్తుందో లేదో దాని మార్గదర్శకాల్లో వెతకాలి.

85కీ 80కీ తేడా ఐదే కదా అనిపించవచ్చు. ఆ ఐదుతోనే వీసా పోతుంది. నిబంధనల ప్రకారం, అప్లికేషన్‌ని పరిశీలించినప్పుడు తేలిన స్కోరు, వీసాకి అప్లై చేయమని ప్రభుత్వం పంపే ఆహ్వానంలో రాసిన స్కోరు కన్నా తక్కువ ఉండకూడదు. కనీస స్కోరు 65 దాటావు కదా అని ఊరుకోరు. 80తో కూడా ఆహ్వానం వచ్చి ఉండేదేమో, కానీ 85 అని చెప్పి పిలిపించుకున్నాక 80 తేలితే తిరస్కరణే. కట్టిన వీసా ఫీజు తిరిగి రాదు.

ఉత్తరాన్ని స్కిల్‌సెలెక్ట్‌లో ఎక్కించడం

ఆహ్వానం కోసం ముందుగా ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంట్రెస్ట్, అంటే ఈఓఐ, ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ స్కిల్‌సెలెక్ట్‌లో నింపాలి. అక్కడ ప్రతి ఉద్యోగం దగ్గరా ఇది నామినేట్ చేసిన ఆక్యుపేషన్‌కి సంబంధించినదేనా అని అడుగుతారు. సునీత ఒకే కంపెనీలో చేసినా, ఆ ఉద్యోగాన్ని రెండు ఎంట్రీలుగా విడగొట్టాలి. జూన్ 2014 నుంచి మే 2020 వరకు ఒకటి, దానికి సంబంధం లేదని పెట్టాలి. 1 జూన్ 2020 నుంచి ఇంకొకటి, దానికి సంబంధం ఉందని పెట్టాలి. పని ఒకటే అయినా మొదటిదానికి లేదని ఎందుకు పెట్టాలంటే, ఆ పెట్టె పాయింట్లు లెక్కించడానికి, మీ జీవిత చరిత్రకు కాదు.

ప్రస్తుత ఉద్యోగానికి ముగింపు తేదీ ఖాళీగా వదిలితే కాలం గడిచేకొద్దీ సిస్టమే పాయింట్లు పెంచుతూ పోతుంది. ఇది మంచిదే. కానీ మధ్యలో ఉద్యోగం మానేసి, ఈఓఐలో మార్చడం మర్చిపోతే, లేని అనుభవానికి పాయింట్లు చేరిపోతాయి. ఆహ్వానం వచ్చాక ఈఓఐని మార్చడం కుదరదు. అందుకే నెలకోసారి లాగిన్ అయి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

తేదీల దగ్గరే ఎక్కువమంది పడిపోతారు

ఆహ్వానం వచ్చే రోజుకే అసెస్‌మెంట్ చేతిలో ఉండాలి. ఆహ్వానం వచ్చాక అప్లై చేయడానికి 60 రోజులు ఇస్తారు కదా, ఈలోగా అసెస్‌మెంట్ తెచ్చుకుందాం అంటే కుదరదు. ఉత్తరం మీది తేదీ ఆహ్వానం తేదీ కన్నా ముందుది కావాలి.

ఉత్తరం మామూలుగా మూడేళ్లు చెల్లుతుంది, ఉత్తరంలో అంతకన్నా తక్కువ గడువు రాసి ఉంటే అదే వర్తిస్తుంది. ఆస్ట్రేలియాలో చదువు పూర్తి చేసి 485 వీసా కోసం తెచ్చుకున్న అసెస్‌మెంట్ ఉంటే, దాన్ని 189, 190, 491లకు వాడలేరు. రెండింటి మీదా ఒకే సంస్థ పేరు, ఒకే ఆక్యుపేషన్ కనిపిస్తాయి కాబట్టి అక్కడ చదివినవాళ్లు ఇది పట్టించుకోరు. ఉత్తరం ఏ పని కోసం ఇచ్చారో పైన రాసే ఉంటుంది, చదవండి.

భార్య లేదా భర్త నైపుణ్యానికి 10 పాయింట్లు వేసుకోవాలన్నా వాళ్లకూ విడిగా స్కిల్స్ అసెస్‌మెంట్ ఉండాలి. వాళ్ల సర్టిఫికెట్ కాపీ జతచేసినంత మాత్రాన ఆ 10 రావు.

కెనడాలో ఇదంతా వేరు

కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మీ వృత్తికి తగినవారా అని తేల్చే అసెస్‌మెంట్ ఉండదు. ఉండేది ఎడ్యుకేషనల్ క్రెడెన్షియల్ అసెస్‌మెంట్, అంటే ఈసీఏ. అది అడిగేది ఒక్కటే: బయటి దేశంలో చేసిన ఈ చదువు కెనడా చదువులో దేనికి సమానం? వర్ల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్, అంటే వెస్, అలాంటి సంస్థే. ప్రభుత్వం నియమించిన ఇలాంటి సంస్థలు మరికొన్ని ఉన్నాయి, చాలామంది వాటిలో దేన్నైనా ఎంచుకోవచ్చు.

ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ ప్రోగ్రామ్‌కి బయటి దేశం చదువు చూపిస్తే ఈసీఏ తప్పనిసరి. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో అర్హతకి అక్కర్లేదు, కానీ బయటి చదువుకి పాయింట్లు కావాలంటే అక్కడా ఉండాల్సిందే. కెనడాలో చేసిన చదువుకి ఈసీఏ అడగరు. రిపోర్టు ఐదేళ్లు చెల్లుతుంది.

సంస్థను ఎంచుకునే స్వేచ్ఛ లేనివాళ్లూ ఉన్నారు. డాక్టర్‌గా అప్లై చేస్తే మెడికల్ కౌన్సిల్ ఆఫ్ కెనడా దగ్గరే ఈసీఏ చేయించుకోవాలి. లైసెన్స్ అవసరమైన ఫార్మసిస్ట్ ఉద్యోగాన్ని ముఖ్య వృత్తిగా చూపిస్తే ఫార్మసీ ఎగ్జామినింగ్ బోర్డ్ ఆఫ్ కెనడా. అదే ఫార్మసీ చదివి మందుల కంపెనీలో పరిశోధన చేస్తున్నవాళ్లు, ఆ ఉద్యోగానికి లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి, మిగతా సంస్థల్లో దేని దగ్గరకైనా వెళ్లవచ్చు. మీ డిగ్రీ పేరు కాదు, మీరు చూపించే ముఖ్య వృత్తే ఇక్కడ లెక్క.

వెండర్ సర్టిఫికెట్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ లాంటి వాటికి కెనడా ర్యాంకింగ్ లెక్కలో చోటు లేదు. ట్రేడ్ పనివాళ్లకు సర్టిఫికెట్ ఆఫ్ క్వాలిఫికేషన్ పేరుతో 25 లేదా 50 పాయింట్లున్నాయి, భాష స్థాయిని బట్టి. అది కెనడాలోని ప్రావిన్స్ లేదా టెరిటరీ ఇచ్చినదై ఉండాలి. పేరు కలిసింది కదా అని వేరే దేశం ట్రేడ్ సర్టిఫికెట్‌ని ఆ పెట్టెలో వేస్తే తప్పుడు సమాచారం ఇచ్చినట్లవుతుంది.

ప్రొఫెషనల్ సర్టిఫికెట్ నిజంగా పనికొచ్చే సందర్భం ఇక్కడ ఒకటుంది. కనీసం మూడేళ్ల చదువు ఒకటి ఉండి, దానికి తోడు ఇంకో పోస్ట్ సెకండరీ అర్హత ఉంటే, ర్యాంకింగ్‌లో ‘రెండు లేదా అంతకన్నా ఎక్కువ’ అనే వరుస కిందకి వస్తారు. జంటగా కాక ఒక్కరే అప్లై చేస్తే బ్యాచిలర్‌కి 120, ఈ వరుసకి 128. భాష అన్ని భాగాల్లో కెనడా భాషా కొలమానం సీఎల్‌బీ ప్రకారం 9 ఉంటే, చదువూ భాషా కలిపి ఇచ్చే పాయింట్లు కూడా 25 నుంచి 50కి పెరుగుతాయి. మొత్తం 33 పాయింట్ల తేడా. మీ వృత్తి సంస్థ అర్హత ఆ రెండో అర్హత అవుతుందా లేదా అన్నది మళ్లీ ఈసీఏ రిపోర్టే చెప్పాలి. రెండు అర్హతలనూ అసెస్‌మెంట్‌కి పంపి, రెండూ విడివిడిగా పూర్తయిన పోస్ట్ సెకండరీ అర్హతలని రిపోర్టులో వస్తేనే ఆ వరుస ఎంచుకోండి. ఖర్చు మిగుల్చుకుందామని పెద్ద డిగ్రీ ఒక్కటే పంపినవాళ్లు, రెండోది చేతిలో ఉండి కూడా 120 దగ్గరే ఆగిపోతారు.

రిపోర్టులో వృత్తి సభ్యత్వం అని మాత్రమే రాసి, కెనడా చదువులో దేనికి సమానమో రాయకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. సంస్థకి ఫీజు కట్టే ముందే, ఆ వృత్తి సంస్థ అర్హతలను వాళ్లు చదువుగా అసెస్ చేస్తారో లేదో ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. ఒక సంస్థ చూసినట్లే ఇంకో సంస్థ చూడాలని లేదు.